వెనక సీటుకు పూచీ ఎవరిది?

పదేళ్లు నిండిన బైకుకు ఇన్సూరెన్స్ కట్టాల్సిన రోజు వస్తే చాలా ఇళ్లలో చర్చ ఒక్క మాటతో తేలిపోతుంది. "ఈ పాత బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు? రైతుబజారుకూ బస్టాండుకూ తప్ప బయటికే తీయం కదా. థర్డ్ పార్టీ కట్టేయ్, చాలు." ఏజెంటూ కాదనడు. ఫోన్లో కట్టుకునేవాళ్లు కూడా రెండు ధరలు చూసి తక్కువ ఉన్నదాని మీద వేలు పెడతారు.

ఆ లెక్కలో తర్కం ఉంది. అమ్మితే ఇరవై వేలు కూడా రాని బండిని కాపాడుకోవడానికి ఏటా డబ్బు కట్టడం దండగే అనిపిస్తుంది. అయితే అందులో లెక్కకు వచ్చింది బండి ఒక్కటే. ఆ బండి మీద కూర్చునే మనుషుల మాటేమిటి? రెండు పాలసీలకూ ఉన్న అసలు తేడా అక్కడే ఉంది. అది చాలామందికి ప్రమాదం జరిగాక గానీ తెలియదు.

థర్డ్ పార్టీ అంటే ఎవరెవరు?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, ఆపైన 4,000 జరిమానా. జైలుశిక్షకూ చట్టంలో వీలుంది. వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లినా, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లినా నియమం ఒకటే. థర్డ్ పార్టీ ప్రీమియానికి తిరిగిన కిలోమీటర్లతో పనిలేదు. ఇంజిన్ సీసీని బట్టి ప్రభుత్వమే దాన్ని నిర్ణయిస్తుంది.

ఈ పాలసీ కాపాడేది బయటివాళ్లను. మన బండి తగిలి రోడ్డు దాటుతున్న మనిషి చనిపోయినా, గాయపడినా ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేస్తే అంత బీమా కంపెనీ కడుతుంది. దానికి గరిష్ఠ పరిమితి లేదు. ఎదుటివాళ్ల కారుకో ప్రహరీకో నష్టం జరిగితే మాత్రం టూవీలర్ పాలసీలో మామూలుగా లక్ష రూపాయల దాకానే. ఏడాదికి వెయ్యి రూపాయల లోపు కట్టే కాగితం ఇంత బరువు మోయడం చిన్న విషయం కాదు. అందుకే థర్డ్ పార్టీని చులకనగా చూడటానికి లేదు.

మరి బండి నడిపే యజమాని? తన బండి పాలసీలో తాను థర్డ్ పార్టీ కాడు. ఆయన కోసం విడిగా 'పర్సనల్ యాక్సిడెంట్ కవర్' ఉంటుంది. 15 లక్షల రూపాయల ఈ కవర్ తీసుకోవడం యజమానికి తప్పనిసరి. ఇప్పటికే అంత మొత్తానికి వేరే ప్రమాద బీమా ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు. ధర తగ్గించి చూపడానికి ఏజెంట్లు ముందుగా కోసేసేది దీన్నే. ఆర్‌సీ తన పేరు మీద ఉండి, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా డబ్బు వస్తుంది. కాలు విరిగి మూడు నెలల్లో అతుక్కుంటే ఏమీ రాదు. ఆసుపత్రి బిల్లుతో దీనికి సంబంధం లేదు.

ఇక మిగిలింది వెనక కూర్చున్న మనిషి.

వెనక కూర్చున్న మనిషి

వెనక కూర్చున్నవాళ్లు బండి యజమాని కారు, నడిపేవాళ్లూ కారు. కాబట్టి థర్డ్ పార్టీ కింద వాళ్లకూ పరిహారం వస్తుందనే అందరం అనుకుంటాం. కోర్టులు అలా అనలేదు. 2006లో యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్కూటర్ వెనక కూర్చుని ప్రయాణిస్తూ మరణించిన వ్యక్తి విషయం విచారించింది. చట్టం అడిగిన కనీస పాలసీ మాత్రమే ఉన్నప్పుడు, వెనక ఉచితంగా ప్రయాణించే మనిషికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా కంపెనీకి ఉండదని తేల్చింది.

మూడేళ్ల తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ రెండోవైపు స్పష్టం చేసింది. ప్యాకేజ్ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనే కాంప్రిహెన్సివ్ పాలసీ ఉంటే టూవీలర్ వెనక కూర్చున్నవాళ్లకూ, కారులో ప్రయాణించేవాళ్లకూ కంపెనీ బాధ్యత వహించాల్సిందేనని 2009 నవంబరులో కంపెనీలకు సర్క్యులర్ పంపింది. 2012లో నేషనల్ ఇన్సూరెన్స్, బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే ఖాయం చేసింది. ప్యాకేజ్ పాలసీ అయితే బాధ్యత ఉంది, కేవలం చట్టం కోసం తీసుకున్న పాలసీ అయితే లేదు.

దీని బరువు ఎంతో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. ఖమ్మంలో ఒక చిరుద్యోగి ఉన్నాడు. 2015లో కొన్న వంద సీసీ బండి ఆయనది. ఆఫీసుకు బస్సులో వెళ్తాడు. బండి తీసేది కూరగాయలకూ బ్యాంకుకూ, ఆదివారం గుడికీ. ఆ చిన్న ప్రయాణాల్లో సగానికి పైగా భార్య వెనక కూర్చుంటుంది. ఒక సాయంత్రం మలుపులో కంకర మీద బండి జారింది. ఇద్దరూ పడ్డారు. ఆయనకు మోచేయి చీరుకుపోయింది, ఆమెకు తలకు దెబ్బ తగిలింది. ఎదురుగా వేరే బండి ఏదీ లేదు, ఇంకెవరి తప్పూ లేదు.

ఇంకో వాహనం వచ్చి గుద్దితే ఆ వాహనం బీమా కంపెనీ ఆమెకు పరిహారం ఇస్తుంది. అప్పుడు మన పాలసీ ఏదన్న ప్రశ్నే రాదు. ఇక్కడ ఉన్నది ఒక్కటే బండి. ఆమె మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేస్తే మొదటి ప్రతివాది భర్త, రెండో ప్రతివాది ఆయన బండికి బీమా చేసిన కంపెనీ. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కంపెనీ లాయరు పై తీర్పులు చూపించి తప్పుకుంటాడు. మిగిలేది భర్త. ఒక ఇంటి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి డబ్బు మార్చుకోవడానికి ఎవరూ కోర్టుకు వెళ్లరు కాబట్టి కేసు అక్కడే ఆగిపోతుంది. ఆసుపత్రి బిల్లు కోసం అప్పు చేస్తారు.

అదే ప్యాకేజ్ పాలసీ ఉండి ఉంటే? భర్త నిర్లక్ష్యం వల్ల బండి జారిందని రుజువైతే చికిత్స ఖర్చు, పోయిన రాబడి, శాశ్వత వైకల్యం మిగిలితే దానికీ కలిపి ట్రిబ్యునల్ వేసిన మొత్తాన్ని కంపెనీ కట్టాలి. ఆమెకు ఉద్యోగం లేకపోయినా సరే. గృహిణి చేసే పనికి విలువ కట్టి ఆదాయంగా లెక్కించాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందుకు ప్రమాదం జరిగిన వెంటనే పోలీసు స్టేషన్‌లో కేసు నమోదు కావాలి, ఆసుపత్రి రికార్డులో 'రోడ్డు ప్రమాదం' అని రాయించాలి, ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. మొగుడి మీద కేసేమిటని మొహమాటపడి 'మెట్ల మీద జారిపడింది' అని డాక్టరుకు చెబితే, మంచి పాలసీ ఉన్నా చేతికి చిల్లిగవ్వ రాదు.

దగ్గరి ప్రయాణాలకే వాడే బండి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రోజూ దూరం వెళ్లే ఉద్యోగి ఎక్కువగా ఒక్కడే వెళ్తాడు. ఇంటి అవసరాలకు తీసే పాత బండి మీద మాత్రం అమ్మను ఆసుపత్రికో, బిడ్డను ట్యూషన్‌కో, భార్యను బస్టాండుకో దింపడమే ప్రధానమైన పని. 'ఇక్కడికే కదా' అని వెనక కూర్చున్నవాళ్లు హెల్మెట్ కూడా పెట్టుకోరు.

ఆ తేడా ఖరీదెంత?

ఇంత తేడా ఉన్నప్పుడు ధరలోనూ భారీ తేడా ఉంటుందని అనుకోవడం సహజం. కొత్త బండికి అది నిజమే. పాత బండికి కథ తిరగబడుతుంది.

ఫుల్ ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బండికి 714 రూపాయలు. రెండోది 'ఓన్ డ్యామేజ్', అంటే మన బండి నష్టానికి కట్టేది. ఇది బండి విలువను బట్టి మారుతుంది. ఆ విలువనే పాలసీలో ఐడీవీ అని రాస్తారు. అయిదేళ్ల దాకా అది ఏటా ఎంత తగ్గాలో పట్టిక ఉంది. అయిదేళ్లు దాటాక కంపెనీ, మనం ఒప్పుకున్నదే విలువ. బండి పాతబడి విలువ తగ్గేకొద్దీ ఈ రెండో భాగమూ కరిగిపోతుంది.

మన ఖమ్మం బండికి ఐడీవీ 20,000 అనుకుందాం. పదేళ్లు దాటిన ఈ తరగతి బండికి పాత టారిఫ్ రేటు హైదరాబాద్ లాంటి మహానగరాల బయట నూటికి సుమారు 1.80. అంటే 360 రూపాయలు. ఇప్పుడు కంపెనీలు తమ రేటు తామే వేసుకోవచ్చు కాబట్టి ఇది కాస్త అటూఇటూ అవుతుంది. అయిదేళ్లుగా క్లెయిమ్ లేకుండా ఫుల్ ఇన్సూరెన్స్ కడుతూ వస్తే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం పోను 180 మిగులుతుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే థర్డ్ పార్టీ ఒక్కటే అయితే 843, ఫుల్ అయితే 1,055. తేడా 212 రూపాయలు. ఇన్నాళ్లూ థర్డ్ పార్టీయే కట్టి బోనస్ లేనివాళ్లకు తేడా 425 దాకా వస్తుంది. యజమాని ప్రమాద కవర్ రెండింటికీ సమానంగా అదనం.

అంటే ఏడాదికి నాలుగు లీటర్ల పెట్రోలు డబ్బుల లోపే. ఈ డబ్బుకు బండి విలువ ఇరవై వేలే కదా అని లెక్క వేసుకుని వదులుకుంటున్నది, వెనక సీటుకు పరిమితి లేని పరిహార హామీ.

బండికి వచ్చేదెంత?

సొంత బండి నష్టం విషయంలో ఆశలు తక్కువగా పెట్టుకోవడమే మంచిది. బీమా కంపెనీ విడిభాగాలకు పూర్తి ధర ఇవ్వదు, అరుగుదల తీసేస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ ఏ వయసు బండికైనా సగమే. లోహపు భాగాలకు అయిదు నుంచి పదేళ్ల దాకా 40 శాతం కోత, పదేళ్లు దాటిన మర్నాటి నుంచి 50 శాతం. కూలీకి మాత్రం కోత లేదు.

ఆటో తగిలి మన బండి పడిపోయిందనుకోండి. హెడ్‌లైట్ డూమ్, ముందు మడ్‌గార్డ్ లాంటి ప్లాస్టిక్ సామాన్లకు 1,600, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్‌కు 1,800, కూలి 600. మొత్తం బిల్లు 4,000. కంపెనీ లెక్కలో 800, 900, 600 కలిపి 2,300. అందులోంచి ప్రతి క్లెయిమ్‌లోనూ మనం భరించాల్సిన వంద తీసేస్తే చేతికి 2,200. బోనస్ పోతుందన్న భయం కొత్త బండ్లకు సబబే గానీ, ఇక్కడ ఆ బోనస్ ఏడాదికి 180 రూపాయలదే. అది మళ్లీ యాభై శాతానికి చేరేదాకా పోగొట్టుకునేది మొత్తం మీద అయిదు వందల పైచిలుకు. కాబట్టి ఖర్చు నిజంగా రెండు మూడు వేలు దాటితే క్లెయిమ్ చేసుకోవచ్చు. ఒక్క షరతు: మెకానిక్ బండి విప్పకముందే కంపెనీకి చెప్పాలి. బాగుచేయించాక బిల్లు పంపితే సర్వేయరు చూడటానికి ఏమీ మిగలదు, క్లెయిమ్ తిరిగొస్తుంది. క్లచ్ ప్లేట్లు అరగడం, చైన్ సాగడం, ఇంజిన్ ఆయిల్ తాగడం వంటివి అరుగుదల కిందికి వస్తాయి. పాత బండికి నిజంగా ఖర్చయ్యేది వాటికే, ఏ పాలసీ వాటికి పైసా ఇవ్వదు.

ఈ పాలసీ బండికి నిజంగా అక్కరకొచ్చేది బండి మొత్తంగా పోయినప్పుడు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, మన ఉదాహరణలో 15,000 దాటితే, దాన్ని పూర్తి నష్టంగా తీసుకుంటారు. అప్పుడు విడిభాగాల అరుగుదల కోత ఉండదు, ఐడీవీయే లెక్క. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన బైకులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అలాంటి నష్టానికి థర్డ్ పార్టీ పాలసీ ఉన్నవాళ్లు క్లెయిమ్ వేయడానికే వీలుండదు. ఫుల్ పాలసీ ఉన్నవాళ్లు కూడా ఒక తప్పు చేయకూడదు. నీళ్లు దిగగానే 'స్టార్టవుతుందేమో చూద్దాం' అని కిక్కు కొట్టకూడదు. ఇంజిన్‌లో నీరు ఉండగా తిప్పితే జరిగే నష్టం వరదది కాదు, మీదేనని కంపెనీ అంటుంది.

దొంగతనానికీ ఐడీవీ వస్తుంది. అయితే ఎఫ్ఐఆర్, బండి దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదికతో పాటు రెండు తాళం చెవులూ అడుగుతారు. పదేళ్ల బండికి రెండో చెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. చెవి బండికే వదిలి మందుల షాపులోకి వెళ్లానని స్టేట్‌మెంట్‌లో రాస్తే, జాగ్రత్త తీసుకోలేదని కంపెనీ కొర్రీ పెడుతుంది. రెండో చెవి పోయి ఉంటే ఆ సంగతి ముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది.

కట్టేముందు చూడాల్సినవి

పాలసీ కాగితం పైన 'లయబిలిటీ ఓన్లీ' అని ఉంటే అది థర్డ్ పార్టీ. 'ప్యాకేజ్' అనో 'కాంప్రిహెన్సివ్' అనో ఉండి, ప్రీమియం పట్టికలో ఎడమవైపు 'ఓన్ డ్యామేజ్' కింద అంకె కనిపిస్తేనే అది ఫుల్. "ఫుల్లే కట్టించానన్నా" అని ఏజెంటు నోటితో చెప్పిన మాట ట్రిబ్యునల్‌లో చెల్లదు. యజమాని ప్రమాద కవర్ గడిలో 15 లక్షలు ఉందో, సున్నా ఉందో కూడా చూడండి.

ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడండి. పదేళ్ల బండ్లలో చాలావాటికి చేతులు మారినా సి-బుక్కులో మాత్రం మొదటి యజమాని పేరే ఉంటుంది. అలాంటప్పుడు ఇప్పుడు నడుపుతున్నవాడికి 15 లక్షల కవర్ వర్తించదు, సొంత బండి నష్టానికి క్లెయిమ్ వేస్తే పేచీ వస్తుంది. అమ్మినవాడికీ ప్రశాంతత ఉండదు. రిజిస్టర్లో పేరు ఉన్నవాడే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ప్రమాదం జరిగితే నోటీసు ఆయన ఇంటికే వెళ్తుంది.

లైసెన్స్ గడువూ అంతే. 55 ఏళ్లు దాటాక రెన్యువల్ చేయించుకుంటే అయిదేళ్లకే ఇస్తారు. రిటైరయ్యాక ఊళ్లోనే తిరిగేవాళ్లు దీన్ని మర్చిపోవడం ఎక్కువ. అలాగే పాలసీ గడువు దాటనివ్వకండి. తొంభై రోజులు దాటితే కూడబెట్టిన బోనస్ పోతుంది. ఫుల్ పాలసీ మళ్లీ ఇవ్వడానికి కంపెనీ బండిని తనిఖీ చేస్తానంటుంది.

ఇవన్నీ చూశాక కూడా థర్డ్ పార్టీయే సరైన ఎంపిక అయ్యే సందర్భాలున్నాయి. బండి మీద ఎప్పుడూ ఒక్కరే వెళ్తారు, వెనక ఎవరినీ ఎక్కించుకోరు, పోయినా బాధపడేంత విలువ బండికి లేదు అనుకుంటే యజమాని ప్రమాద కవర్‌తో కూడిన థర్డ్ పార్టీ సరిపోతుంది. కొన్ని కంపెనీలు ఇంత పాత బండికి ఫుల్ ఇవ్వనంటాయి. అప్పుడు ఇంకో కంపెనీని అడగండి. ఎక్కడా దొరక్కపోతే వెనక కూర్చునేవారి కోసం పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అదనంగా తీసుకోవచ్చు. టూవీలర్‌కు అది మామూలుగా మనిషికి లక్ష దాకానే ఉంటుంది, ట్రిబ్యునల్ పరిహారానికి సాటిరాదు. కాబట్టి ఇంట్లోవాళ్లకు విడిగా ప్రమాద బీమా, ఆరోగ్య బీమా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మిగతా అందరికీ లెక్క తేలికే. గత నెలలో మీ బండి వెనక ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక్క పేరు తట్టినా ఆ రెండు నాలుగు వందలు ఎక్కువ కట్టి ప్యాకేజ్ పాలసీ తీసుకోండి. అందులో బండికి వచ్చేది కొసరు మాత్రమే.